కర్రపెండలంలో సైనైడ్: గడ్డ రకాన్ని బట్టే వంట

పలమనేరు సంతలోనో, తిరుపతి రోడ్డు పక్క తోపుడు బండి మీదో కర్రపెండలం కొనేటప్పుడు రకం పేరు ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. మామిడికాయ కొనేటప్పుడు బంగినపల్లా, తోతాపురా, నీలమా అని పది మాటలు నడుస్తాయి. కర్రపెండలం దగ్గర మాత్రం "గడ్డ కిలో ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో బేరం అయిపోతుంది. నిజానికి రకం పేరు ముఖ్యంగా అడగాల్సింది ఇక్కడే. ఒక రకం గడ్డలో కిలోకు 20, 30 మిల్లీగ్రాముల సైనైడ్ పుట్టే పదార్థం ఉంటే, పక్కనే అదే రంగులో, అదే లావులో ఉన్న ఇంకో రకంలో 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు. ప్రపంచంలో సాగులో ఉన్న రకాల మధ్య తేడా సుమారు 15 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని గడ్డల్లో అంతకు మించి కూడా దొరికింది.

సైనైడ్ అనగానే గడ్డలో విషం నిండి ఉంటుందని అనుకోవడం పొరపాటు. పచ్చి గడ్డలో సైనైడ్ విడిగా దాదాపు ఉండదు. ఉండేది లినమారిన్ అనే పదార్థం. ఇందులో సైనైడ్ భాగం ఒక చక్కెర అణువుకు కట్టేసి ఉంటుంది, అలా ఉన్నంతసేపూ అది మొక్కకు హాని చేయదు. దీనితో పాటు లోటాస్ట్రాలిన్ అనే ఇంకో పదార్థం కొద్దిగా ఉంటుంది, కానీ మొత్తంలో పదింట తొమ్మిది వంతులకు పైగా లినమారినే. మొక్క దీన్ని వాలీన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. ఎక్కువగా ఆకుల్లో తయారై, కాండం గుండా గడ్డలోకి దిగుతుంది.

ఈ లినమారిన్‌ను విడగొట్టే ఎంజైము పేరు లినమరేజ్. అదీ అదే గడ్డలో ఉంటుంది, కాకపోతే వేరే గదిలో. లినమారిన్ కణం లోపలి సంచిలో ఉంటే, లినమరేజ్ కణం గోడలో ఉంటుంది. గడ్డను కోసినా, తురిమినా, పంది కొరికినా గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు చక్కెర ఊడిపోయి, మధ్యలో అసిటోన్ సయనోహైడ్రిన్ అనే పదార్థం ఏర్పడి, అది మళ్లీ విడిపోయి హైడ్రోజన్ సైనైడ్ బయటికి వస్తుంది. ఈ సైనైడ్ 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. మన ఎండల్లో గాలికి పెడితే నిలవదు. విషాన్ని పుట్టించే ఈ చర్యే దాన్ని వదిలించే మార్గం కూడా. తినకముందే, గిన్నెలోనో తట్టలోనో ఈ చర్య పూర్తిగా జరిగిపోతే సైనైడ్ గాలిలో కలిసిపోతుంది. జరగకుండా ఆగితే లినమారిన్ అలాగే కడుపులోకి వెళ్తుంది.

జొన్న వేసిన రైతుకు ఈ సంగతి వేరే పేరుతో ఎప్పుడో తెలుసు. జొన్న కోశాక మోళ్ల నుంచి వచ్చే పిలకల్ని, అంటే నామును, పశువులు మేస్తే కాళ్లు తన్నుకుని పడిపోతాయి. అందుకే కోసిన చేలో పశువును వదలడానికి భయపడతారు. జొన్నలో ఉండే పదార్థం పేరు ధురిన్. లినమారిన్ కాకపోయినా అదే కుటుంబం, అదే పద్ధతిలో సైనైడ్ వదులుతుంది. వాన లేక ఎండిన ఏడాది నాము మరింత ప్రమాదం అన్న అనుభవం కర్రపెండలానికీ వర్తిస్తుంది. నీటి ఎద్దడి పడిన మొక్క గడ్డలో లినమారిన్ పెంచుకుంటుంది. ఒకే ముచ్చెలు ఒక ఏడాది తడి బాగా అందిన మడిలోనూ, ఇంకో ఏడాది వాన మొహం చూడని ఎర్రనేలలోనూ నాటితే రెండు పంటల మధ్య అంకె కొన్ని రెట్లు మారిపోవచ్చు. చిత్తూరు జిల్లా లాంటి మెట్ట ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు.

మొక్క ఇంత శ్రమపడి దీన్ని ఎందుకు దాచుకుంటుంది? ముఖ్య కారణం కాపలా. గడ్డ నేలలో పది నెలలు కూర్చుంటుంది, పిండి నిండుగా ఉంటుంది, పైన ముల్లు లేదు. ఎలుక, అడవిపంది, వేరు తొలిచే పురుగు, అన్నిటికీ అది సిద్ధంగా వడ్డించిన అన్నమే. కొరికిన నోట్లోనే చేదూ సైనైడూ పుట్టుకొస్తే అవి ఇంకో గడ్డ జోలికి రావు. ఆఫ్రికాలో చాలాచోట్ల రైతులు చేదు రకాల్ని తెలిసే ఎంచుకుంటారు. పందులు తవ్వవు, దొంగలు పచ్చిగా పీక్కుని తినరు, పైగా దిగుబడి కూడా బాగుంటుందని వాళ్ల లెక్క. అడవి అంచున చేను ఉన్న రైతుకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. దాని మూల్యం వంటింట్లో చెల్లించాలి, గడ్డను రోజుల తరబడి నానబెట్టి, దంచి, ఆరబెట్టి.

తీపి రకం, చేదు రకం అని వేరు చేసి మాట్లాడతారు కానీ అవి రెండు జాతులు కావు. పూర్వం వృక్షశాస్త్రజ్ఞులు రెండు జాతులుగానే రాశారు, తర్వాత ఆ విభజన నిలవలేదు. ఆకు చూసి, కాండం రంగు చూసి, గడ్డ తొక్క చూసి ఏది ఏదో చెప్పే గుర్తు లేదు. తక్కువ నుంచి ఎక్కువకు ఒకే వరుస, మధ్యలో మనుషులు గీసిన గీత మాత్రమే ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆ గీతను పచ్చి గడ్డలో కిలోకు 50 మిల్లీగ్రాముల దగ్గర గీసింది. అంతకు తక్కువైతే తీపి, మించితే చేదు. 48 ఉన్న గడ్డా 52 ఉన్న గడ్డా చాలా దగ్గరి చుట్టాలే.

నాలుకను ఎంతవరకు నమ్మొచ్చు అన్నదీ చూడాలి. చేదు ఎక్కువ ఉన్న గడ్డలో సైనైడ్ ఎక్కువ ఉండటం చాలాసార్లు నిజమే, గట్టి చేదు తగిలితే ఉమ్మేసి ఆ గడ్డను పక్కన పెట్టడం సరైన పనే. దీని తిరుగుమాట మాత్రం నిజం కాదు. చేదుకు లినమారిన్ ఒక్కటే కారణం కాదని, దాంతో సంబంధం లేని ఇంకో చక్కెర పదార్థం కూడా చేదు ఇస్తుందని పరిశోధనలో తేలింది. కాబట్టి చప్పగానో తియ్యగానో ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. గడ్డ తవ్విన రెండు మూడు రోజుల్లో లోపల వచ్చే నీలి, నల్ల చారల్ని చూసి చాలామంది ఇదే విషం అనుకుంటారు. ఆ చారలు గడ్డ పాతబడటం వల్ల వచ్చేవి, సైనైడ్‌ను అవి చూపించవు. చారలు లేని తాజా గడ్డలో సైనైడ్ ఎక్కువ ఉండటం కూడా మామూలే.

రకాల మధ్య ఉన్న అసలు తేడా తొక్క దగ్గర బయటపడుతుంది. గడ్డకు పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కింద కత్తితో గీరితే పట్టీలా ఊడివచ్చే తెల్లటి మందపాటి తొక్క ఉంటాయి. తీపి రకాల్లో లినమారిన్ ఎక్కువ భాగం ఈ తెల్ల తొక్కలోనే ఉంటుంది. లోపలి కండతో పోలిస్తే అక్కడ అయిదు నుంచి పది రెట్లు ఉండొచ్చు. అందుకే తీపి రకాన్ని లోతుగా చెక్కితే ప్రమాదం చాలావరకు తొక్కతోనే పోతుంది. చేదు రకంలో ఆ అదృష్టం లేదు. కండలోనూ తొక్కతో సమానంగా ఉండొచ్చు, ఎంత చెక్కినా లోపలిది లోపలే. ఒక ఇంట్లో చెక్కి ఉడికిస్తే ఏమీ కాలేదని, వేరే గడ్డ తెచ్చుకున్న ఇంకో ఇంట్లో కూడా అదే సరిపోతుందని చెప్పలేకపోవడానికి కారణం ఇది.

మన దేశంలో ఈ పంట మీద 1963 నుంచి పనిచేస్తున్నది తిరువనంతపురం శ్రీకార్యంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ. అక్కడి నుంచి వచ్చిన రకాలనే చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. మలేషియా నుంచి వచ్చి కేరళలో స్థిరపడిన ఎం-4, తర్వాత వచ్చిన శ్రీజయ, శ్రీవిజయ లాంటివి ఇంట్లో ఉడికించుకుని తినడానికి పేరుపడ్డాయి. 1971లో విడుదలైన హెచ్-165, హెచ్-226 ఎక్కువగా పిండి మిల్లుల కోసం సాగవుతున్నాయి. తమిళనాడులో సేలం, నామక్కల్, ధర్మపురి వైపూ, మన రాష్ట్రంలో పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కలా సగ్గుబియ్యం పరిశ్రమను నడిపించే గడ్డ ఈ కోవలోదే. మిల్లుకు కావాల్సింది పిండి శాతం, దిగుబడి. గడ్డలో సైనైడ్ కాస్త ఎక్కువున్నా మిల్లు నీళ్లలో కొట్టుకుపోతుంది కాబట్టి వాళ్లకు అది అడ్డు కాదు. చిక్కల్లా మిల్లుకు పోవాల్సిన గడ్డ ధర పడిపోయినప్పుడు కూరగాయల సంతకు మళ్లితే వస్తుంది. సరిహద్దు జిల్లా కావడంతో చిత్తూరు, తిరుపతి వైపు వచ్చే గడ్డలో తమిళనాడు సరుకు కలుస్తుంది, దాని మీద రకం పేరు రాసి ఉండదు.

ఇప్పుడు వంట సంగతి. సైనైడ్ ఆవిరైపోతుంది కాబట్టి బాగా ఉడికిస్తే చాలు అన్న మాట అందరి నోటా వినిపిస్తుంది. అది సగమే నిజం. లినమారిన్ వేడికి సులభంగా విరగదు. వేడికి పాడయ్యేది దాన్ని విడగొట్టాల్సిన ఎంజైము. మసిలే నీళ్లలో పెద్ద ముక్కల్ని ఒక్కసారి పడేస్తే లినమరేజ్ కొద్దిసేపట్లో చచ్చిపోతుంది, లినమారిన్ ముక్కలోనే మిగిలిపోతుంది. ఎంజైము పోయాక మిగిలిన దారి ఒక్కటే, లినమారిన్ నీళ్లలోకి కరిగి రావడం. అది ముక్క ఎంత చిన్నది, నీళ్లు ఎన్ని, ఆ నీళ్లు పారబోశారా లేదా అన్న వాటి మీద ఆధారపడుతుంది. 50 గ్రాముల పెద్ద ముక్కలుగా ఉడికిస్తే సుమారు మూడొంతులు లోపలే మిగులుతుందనీ, 2 గ్రాముల చిన్న ముక్కలుగా ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే పావు వంతుకు దిగుతుందనీ కేరళలో చేసిన పరీక్షల్లో తేలింది. ఆవిరి మీద ఉడికించినా, కాల్చినా, నూనెలో వేయించినా నీళ్లలోకి పోయే అవకాశమే లేదు, కాబట్టి ఎక్కువ భాగం అలాగే ఉండిపోతుంది. కుక్కర్‌లో అడుగున కాసిని నీళ్లు పోసి రెండు విజిల్స్ పెట్టడం ఈ లెక్కలో ఆవిరి వంట కిందికే వస్తుంది. గడ్డ మెత్తగా అవుతుంది, సైనైడ్ మాత్రం పెద్దగా తగ్గదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 15 కిలోల బరువున్న పిల్లవాడు సాయంత్రం 200 గ్రాముల ఉడికిన గడ్డ తిన్నాడనుకుందాం. ఒక పూటలో శరీర బరువు కిలోకు 0.09 మిల్లీగ్రాముల సైనైడ్ దాకా భయం లేదని ఆహార సంకలితాల నిపుణుల అంతర్జాతీయ కమిటీ లెక్క. ఆ ప్రకారం ఈ పిల్లవాడి హద్దు 1.35 మిల్లీగ్రాములు. గడ్డ కిలోకు 30 మిల్లీగ్రాముల తీపి రకమైతే, 200 గ్రాముల పచ్చి గడ్డలో 6 మిల్లీగ్రాములు ఉంటాయి. చిన్న ముక్కలుగా కోసి, నీళ్లు పారబోస్తే 1.5 మిగులుతుంది, హద్దుకు ఇంచుమించు. అదే గడ్డను లావు ముక్కలుగా ఉడికిస్తే 4.5, అంటే హద్దుకు మూడు రెట్ల పైన. ఇక గడ్డ 150 మిల్లీగ్రాముల చేదు రకమైతే పచ్చిగా 30, చిన్న ముక్కల వంటలో 7.5, లావు ముక్కల వంటలో 22.5. ప్రాణం తీసే మోతాదు కిలో బరువుకు అర మిల్లీగ్రాము నుంచి మూడున్నర దాకా అంటారు, ఈ పిల్లవాడికి అది ఏడున్నర దగ్గరే మొదలవుతుంది. మింగిన లినమారిన్ అంతా కడుపులో సైనైడ్‌గా మారదు, కొంత మారకుండానే మూత్రంలో పోతుంది. కాబట్టి పై అంకెలు పై హద్దులే. అయినా ఒకే గిన్నె, ఒకే పొయ్యి, ఒకే పిల్లవాడు అయినప్పుడు రకం మారితే ఫలితం ఎంత దూరం జరుగుతుందో ఇందులో కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఏమీ కాకుండా పిల్లలకే వాంతులు, కళ్లు తిరగడం, కడుపునొప్పి రావడానికి బరువులో ఉన్న ఈ తేడా చాలు.

రకం తెలియని గడ్డ చేతికి వచ్చినప్పుడు అది చేదు రకమే అనుకుని వండటం మేలు. తెల్ల తొక్క పూర్తిగా తీసేసి, కండను వేలి కణుపు కన్నా చిన్నగా కోసి, చల్లని నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు మెల్లగా వేడెక్కే ఆ కాస్త సమయంలోనే ఎంజైము పని చేసుకుంటుంది. మూత తీసి ఉంచి ఉడికించాలి, నీళ్లు వంపేయాలి. కేరళలో ఉడికించి వార్చి, మళ్లీ నీళ్లు పోసి ఉడికించే అలవాటు వెనుక ఉన్నది ఈ లెక్కే. గట్టి చేదు రకానికి మాత్రం ఈ వంట సరిపోదు. దాన్ని మూడు రోజులు నీళ్లలో నానబెట్టి పులియబెట్టాలి, లేదంటే తురిమి, నీళ్లు గట్టిగా పిండేసి, ఆరబెట్టాలి. కణం గోడలు పూర్తిగా పగిలితే తప్ప ఆ మోతాదు దిగదు.

సగ్గుబియ్యం గురించి వ్రతాల రోజుల్లో వచ్చే అనుమానానికి సమాధానం కూడా ఇందులోనే ఉంది. మిల్లులో గడ్డను చెక్కి, మెత్తగా తురిమి, నీళ్లతో పదేపదే కడిగి, పాలు లాంటి ఆ నీళ్లను తొట్లలో తేర్చి అడుగున పిండి తీస్తారు. తురమడంతో కణాలు పగులుతాయి, కడగడంతో లినమారిన్ నీళ్లలో పోతుంది, ఆరబెట్టి వేడి చేయడంతో మిగిలినదీ ఎగిరిపోతుంది. అందుకే చేదు గడ్డ నుంచి తీసిన సగ్గుబియ్యం కూడా తినడానికి పనికొస్తుంది. అదే గడ్డను పల్చగా గీసి నేరుగా నూనెలో వేస్తే చిప్స్‌లో పెద్దగా తగ్గదు. కర్రపెండలం చిప్స్‌లో సైనైడ్ ఎక్కువ కనిపించాక ఆస్ట్రేలియా వాటికి కిలోకు 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. చిప్స్ వేసే బండి వాళ్లకు రకం తెలియడం ఉడికించి అమ్మేవాళ్ల కన్నా ముఖ్యం.

పొరపాటు జరిగితే ఎలా ఉంటుందో 2017 సెప్టెంబరులో ఉగాండాలోని కసేసే జిల్లాలో కనిపించింది. కర్రపెండలం పిండితో చేసిన ముద్ద తిని 98 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. తీసిన పిండి నమూనాల్లో సగటున కిలోకు 88 మిల్లీగ్రాముల సైనైడ్ ఉంది, పిండికి కోడెక్స్ పెట్టిన హద్దు 10. జబ్బుపడిన వాళ్లు ఎప్పుడూ తినే తిండే తిన్నారు, పిండి వెనుక ఉన్న గడ్డ మాత్రం మారింది. రోజూ కొద్దికొద్దిగా ఎక్కే సైనైడ్ దారి వేరు. శరీరం దాన్ని గంధకం ఉన్న మాంసకృత్తుల సాయంతో థయోసయనేట్‌గా మార్చి బయటికి పంపుతుంది. గుడ్డు, చేప, పప్పు అందని ఇంట్లో ఆ సాయం కరువవుతుంది. 1981 కరువులో మొజాంబిక్‌లో వెయ్యి మందికి పైగా, ఎక్కువగా స్త్రీలూ పిల్లలూ, రెండు కాళ్లూ బిగుసుకుపోయి మళ్లీ కోలుకోలేదు. వాళ్లకు నెలల తరబడి సరిగా నానని చేదు గడ్డే తిండి. అప్పుడప్పుడూ సాయంత్రం తినే చిత్తూరు ఇంటికి ఆ జబ్బు భయం లేదు, ఒక పూట మోతాదు భయమే ఉంది.

పాడి జిల్లా కాబట్టి పశువుల మాట కూడా చెప్పుకోవాలి. ఉడికిన గడ్డ అమ్మే బండి పక్కన పడేసే పచ్చి తొక్కలు గడ్డ మొత్తంలోకీ ఎక్కువ లినమారిన్ ఉన్న భాగం. ఆకులు కూడా అలాంటివే. మనిషి కడుపులోని ఆమ్లం లినమరేజ్‌ను చాలావరకు అణచేస్తుంది, ఆవు, మేకల మొదటి పొట్టలో ఆమ్లం తక్కువ, సూక్ష్మజీవులు ఎక్కువ. అక్కడ సైనైడ్ వేగంగా విడుదలవుతుంది. ఆకలితో ఉన్న పశువు గబగబా తింటే నాము తిన్నట్టే అవుతుంది. వెంటనే పశువైద్యుడికి కర్రపెండలం తొక్క తిన్నదని చెప్పగలిగితే సోడియం థయోసల్ఫేట్ వేయడానికి సమయం దొరుకుతుంది. తొక్కల్ని నలగ్గొట్టి, ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి పెడితే ప్రమాదం బాగా తగ్గుతుంది.

గడ్డలో ఎంత ఉందో కొలిచే పద్ధతి కష్టమైనదేం కాదు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ బ్రాడ్‌బరీ రూపొందించిన పిక్రేట్ కాగితం పరీక్షకు 100 మిల్లీగ్రాముల నమూనా చాలు. దాన్ని ఎంజైము ఉన్న కాగితంతో, కాస్త నీటితో చిన్న సీసాలో వేసి, పైన పసుపు రంగు పిక్రేట్ కాగితం తగిలించి మూత బిగిస్తారు. ఒక రాత్రి ఉంచితే సైనైడ్ ఆవిరి తగిలి పసుపు కాగితం గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ రంగును పట్టికతో పోల్చి అంకె చదువుతారు. ఒక్క గడ్డ నుంచి ఒక్క ముక్క తీసి చూస్తే సరిపోదు. ఒకే మొక్క గడ్డల మధ్యా, ఒకే గడ్డ కాండం వైపుకూ కొసకూ మధ్యా తేడా ఉంటుంది. చేనులో నాలుగు మూలల నుంచి మొక్కలు పీకి, ప్రతి గడ్డ మధ్య భాగం నుంచి ముక్క తీసి విడివిడిగా పరీక్షించి, వచ్చిన అంకెల్లో పెద్దదాన్ని పట్టుకుని ఆ పంట సంతకు పోవాలా మిల్లుకు పోవాలా అన్నది నిర్ణయించాలి.